టాలీ తెరుచుకుంది, కానీ 31 బిల్లులు లేవు

2024 జనవరి 8, సోమవారం. పొద్దున తొమ్మిదిన్నరకి తెనాలిలోని ఎలక్ట్రికల్ షాపు బాబాయ్ ఫోన్ చేశారు. "అబ్బాయ్, కంప్యూటర్ విండోస్ బొమ్మ దగ్గరే తిరుగుతూ ఉంది. అరగంటయింది. డిసెంబర్ జీఎస్టీ 11కల్లా పడాలి కదా?" వైర్లు, స్విచ్‌లు, ఫ్యాన్లు హోల్‌సేల్‌గా ఇచ్చే షాపు అది. ఊళ్లో ఎలక్ట్రీషియన్లలో సగం మందికి అక్కడ ఖాతా ఉంది. ఎవరు ఎంత బాకీ అన్నది టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. పుస్తకం రాయడం ఆరేళ్ల కిందటే ఆపేశారు.

నేను అలాంటి పదిహేను షాపుల లెక్కలు చూస్తుంటాను. వెళ్లేసరికి పక్క షాపు కుర్రాడొకడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. డిస్క్‌ని తనిఖీ చేసి సరిచేసే chkdsk పెడితే సరిపోతుందని కమాండ్ టైప్ చేయబోతున్నాడు. వద్దని చెప్పి మెయిన్ స్విచ్ ఆపేశాను. చెడిపోతున్న డిస్క్ మీద chkdsk నడిపితే అది ఫైళ్లను కాపాడదు, ఫైల్ సిస్టమ్‌ని తనకు తోచినట్టు సర్దుతుంది. చదవలేని చోటు దొరికితే ఆ ఫైలుని అక్కడికి కత్తిరించి పడేయగలదు. పైగా అంతసేపు డిస్క్‌ని తిప్పడం వల్ల ఇంకా బతికున్న చోట్లు కూడా పోవచ్చు.

డిస్క్ ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుని, కరెంటు ఇచ్చి విన్నాను. టిక్కు టిక్కుమని కొట్టుకునే చప్పుడు ఉంటే లోపల హెడ్ పోయినట్టు. అప్పుడు ఇంట్లో చేసే ప్రయత్నం ఏదైనా నష్టమే, నేరుగా ల్యాబ్‌కి పంపాలి. ఇది మామూలుగానే తిరుగుతోంది. డిస్క్ ఆరోగ్యం చెప్పే smartctl తో చూస్తే Current_Pending_Sector దగ్గర 312 ఉంది. అంటే 312 సెక్టార్లను డిస్క్ చదవలేకపోతోందన్నమాట, డిస్క్ మొత్తం చచ్చిపోలేదు. ఒక్కో సెక్టార్ 512 బైట్లే. కానీ ఆ 512 బైట్లు ఎక్కడ పడ్డాయన్నదే అసలు ప్రశ్న.

అక్కడినుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: అసలు డిస్క్ నుంచి ఒక్కసారే నకలు తీయాలి, దాని మీద ఏమీ రాయకూడదు. నా లాప్‌టాప్‌ని ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, పాత 500 జీబీ డిస్క్‌ని, నా 2 టీబీ ఎక్స్‌టర్నల్‌ని తగిలించాను. మొదట lsblk తో ఏది ఏ పేరుతో వచ్చిందో రెండుసార్లు చూసుకున్నాను. మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ డిస్క్‌ని తీసుకెళ్లి షాపు డేటా మీద రాసేసినట్టే. ఆ తర్వాత ఎక్స్‌టర్నల్‌లో ఒక ఫోల్డర్‌లోకి వెళ్లి, చెడిన డిస్క్‌ల నుంచి నకలు తీసే ddrescue ని ఇలా రెండుసార్లు వరసగా నడిపాను:

```
sudo ddrescue -d -n /dev/sdb shop.img shop.map
sudo ddrescue -d -r3 /dev/sdb shop.img shop.map
```

మొదటిది తేలిగ్గా చదవగలిగినదంతా ముందు తెచ్చేసుకుంటుంది, మొండి చోట్ల దగ్గర ఆగిపోకుండా దాటిపోతుంది. రెండోది ఆ మిగిలిన చోట్లకి తిరిగి వెళ్లి మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ఈ వరస చాలా ముఖ్యం. మామూలు కాపీ మొదటి చెడు సెక్టార్ దగ్గరే గంటలు కొట్టుకుని, ఆలోపు డిస్క్ ప్రాణం తీస్తుంది. డిస్క్ మొత్తం నకలు, అంటే ఇమేజ్, shop.img లోకి వస్తుంది. shop.map అన్న చిన్న ఫైల్‌లో ఎక్కడ చదివింది, ఎక్కడ చదవలేదు అన్న లెక్కంతా ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఆగిన చోటినుంచి అందుకుంటుంది. సోమవారం సాయంత్రం మొదలుపెడితే మంగళవారం మధ్యాహ్నం దాకా పట్టింది. చివరికి చదవలేక మిగిలింది వంద కేబీకి కాస్త పైన.

అది నడుస్తున్నప్పుడే బ్యాకప్‌ల సంగతి అడిగాను. "రోజూ తీస్తున్నాం, సాయంత్రం షాపు మూసేముందు మా షాపు కుర్రాడు తీస్తాడు" అన్నారు బాబాయ్. ఎక్కడికని అడిగితే డి డ్రైవ్‌కి అన్నారు. డి డ్రైవ్ అంటే అదే డిస్క్‌లో ఇంకో భాగం. అయినా ఇమేజ్‌లోంచి ఆ ఫోల్డర్ బయటికి తీశాం. టాలీ బ్యాకప్ ఫైల్ TBK900.001 ఉంది, తేదీ జనవరి 6, శనివారం. ఇద్దరం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. నా లాప్‌టాప్‌లో టాలీ ఈఆర్‌పీ 9 తెరిచి, Alt+F3 నొక్కి, Restore తో ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి దించాను. కంపెనీ తెరుచుకుంది. చివరి ఎంట్రీ 2023 మార్చి 31.

ఏం జరిగిందో అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఏప్రిల్‌లో టాలీలో కొత్త సంవత్సరానికి వేరే కంపెనీ చేశారు. పాతదాని ఫోల్డర్ 10001, కొత్తదానిది 10002. బ్యాకప్ స్క్రీన్‌లో కుర్రాడు అలవాటు కొద్దీ పై పేరునే ఎంచుకుంటూ వచ్చాడు. తొమ్మిది నెలలపాటు రోజూ కొత్త తేదీతో పాత సంవత్సరం డేటానే బ్యాకప్ అయింది. ఫైల్ తేదీ చూసి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. తప్పు తనది కాదని, ఒక్కసారి కూడా వెనక్కి దించి చూడని మా అందరిదీ అని చెప్పాను. నిజంగానే అది నేను చూడాల్సిన పని.

మిగిలిన దారి ఆడిటర్ గారి ఆఫీసు. అర్ధ సంవత్సరం లెక్కల కోసం సెప్టెంబర్ 30న నేనే ఒక పెన్‌డ్రైవ్‌లో 10002 బ్యాకప్ ఇచ్చాను. అది వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. దించి చూస్తే ఆఖరి సేల్స్ బిల్లు నంబర్ 1468. షాపులో ప్రింటయిన ఆఖరి బిల్లు కాపీ మీద నంబర్ 2291. అంటే మధ్యలో 823 బిల్లులు, వాటితోపాటు వసూళ్లు, కొనుగోళ్లు, బ్యాంకు ఎంట్రీలు. అవన్నీ దెబ్బతిన్న డిస్క్ లోంచే రావాలి.

ఇప్పుడు ఆ చదవలేని వంద కేబీ ఎవరి మీద పడిందో తెలుసుకోవాలి. దీనికి ddrescue లోనే ఒక ఉపాయం ఉంది. ఇమేజ్‌కి, మ్యాప్ ఫైల్‌కి ఇంకో కాపీ చేసుకుని, ఆ కాపీలో చదవలేని చోట్లన్నింటా ఒక గుర్తు మాట నింపిస్తాం. తర్వాత ఆ మాట ఏ ఫైల్‌లో ఉందో వెతికితే గాయం ఎక్కడో తెలిసిపోతుంది.

```
printf "BAD-SECTOR " > mark.txt
ddrescue --fill-mode=- mark.txt copy.img copy.map
```

కాపీ ఇమేజ్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, 10002 ఫోల్డర్‌లో వెతికాను:

```
grep -la "BAD-SECTOR" /mnt/c/Tally.ERP9/Data/10002/*
```

ఒకే ఒక్క పేరు వచ్చింది: TranMgr.900. లావాదేవీలన్నీ, అంటే వోచర్లన్నీ ఉండే ఫైల్ అదే. లెడ్జర్లు, స్టాక్ ఐటెమ్‌ల లాంటి మాస్టర్లు ఉండే Manager.900 కి ఏమీ కాలేదు. ఇది నాకు పెద్ద ఊరట. మాస్టర్లు పోతే వాటి మీద ఆధారపడే ప్రతి వోచరూ పోతుంది. వోచర్లలో కొన్ని పోతే ఆ కొన్నే పోతాయి.

అసలు ఇమేజ్ నుంచి 10002 ఫోల్డర్‌ని బయటికి తీసి ఒక చోట దాచి, దాన్ని ముట్టుకోకుండా మూడు కాపీలు చేసుకున్నాను. మొదటి కాపీని టాలీలో తెరిచాను. కంపెనీ తెరుచుకుంది, అక్టోబర్ డే బుక్ బాగానే కనిపించింది. నవంబర్ తెరవగానే Memory Access Violation అని వచ్చి టాలీ మూసుకుపోయింది.

ఇక్కడ చాలామంది చేసేదే నేనూ చేశాను, కాకపోతే కాపీ మీద. కంపెనీ తెరిచి గేట్‌వే ఆఫ్ టాలీ దగ్గర Ctrl+Alt+R నొక్కితే రీరైట్ మొదలవుతుంది. టాలీ ఉన్న డేటానంతా మొదటినుంచి చదివి, చదవగలిగినదాన్ని కొత్తగా రాసుకుంటుంది. నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. మళ్లీ తెరిస్తే నవంబర్ వచ్చింది, డిసెంబర్ వచ్చింది, జనవరి వచ్చింది. ఎర్రర్ లేదు. ట్రయల్ బ్యాలెన్స్ రెండువైపులా పైసాతో సహా సమానం. బాబాయ్ చేతులు జోడించారు. "ఇంక ఫైల్ చేసేద్దామా?"

నాకు తృప్తిగా లేదు. ట్రయల్ బ్యాలెన్స్ సమానంగా ఉండటం ఇక్కడ ఏ రుజువూ కాదు. టాలీలో ప్రతి వోచర్ తనలో తాను డెబిట్, క్రెడిట్ సమానంగా ఉంటుంది. ఒక వోచర్ మొత్తంగా మాయమైతే రెండు వైపులా సమానంగానే తగ్గుతుంది. వంద వోచర్లు పోయినా ట్రయల్ బ్యాలెన్స్ కుదురుతుంది. రీరైట్ తనకు చదవడం కుదరని వోచర్‌ని వదిలేసింది, వదిలేశానని నాకు చెప్పలేదు.

సేల్స్ రిజిస్టర్ చివరికి వెళ్లి చూశాను. జనవరి 6 సాయంత్రం ఆఖరి బిల్లు. పార్టీ పేరు, మొత్తం రెండూ ప్రింట్ కాపీతో సరిపోయాయి. నంబర్ మాత్రం 2260. కాపీ మీద 2291. ఆ షాపులో సేల్స్ వోచర్‌కి నంబరింగ్ ఆటోమేటిక్‌లో ఉంది. మధ్యలో వోచర్లు పోయేసరికి టాలీ తర్వాతి వాటన్నిటినీ ముందుకి జరిపి నంబర్లు కలిపేసింది. అందుకే నంబర్లలో ఎక్కడా ఖాళీ కనబడలేదు. 31 బిల్లులు లేవు, అవి లేవని తెలిపే గుర్తు కూడా లేదు. దానికి తోడు నవంబర్ మధ్యనుంచి ప్రతి బిల్లుకీ తప్పు నంబరే. ఆ డేటాతో డిసెంబర్ రిటర్న్ వేసి ఉంటే కొన్నవాళ్ల చేతిలో ఉన్న బిల్లు నంబర్ ఒకటి, పోర్టల్‌లో మాది ఇంకొకటి అయ్యేది.

అందుకని రీరైట్ చేసిన కంపెనీని పోల్చి చూసుకోవడానికి మాత్రం ఉంచుకుని, దారి మార్చాను. సెప్టెంబర్ 30 బ్యాకప్ ఏ దెబ్బా తగలనిది. దాన్ని పునాదిగా పెట్టుకుని, దాని మీద అక్టోబర్ 1 నుంచి వోచర్లను దెబ్బతిన్న డేటా లోంచి ఎక్స్‌ఎంఎల్‌గా తీసి ఎక్కించాలి.

మొదట మాస్టర్లు. సెప్టెంబర్ తర్వాత తెరిచిన కొత్త పార్టీలు, కొత్త ఐటెమ్‌లు బ్యాకప్‌లో ఉండవు కదా. రెండో కాపీలో లిస్ట్ ఆఫ్ అకౌంట్స్ తెరిచి Alt+E నొక్కి, అన్ని మాస్టర్లనూ Master.xml గా తీశాను. ఎక్కించేటప్పుడు, ముందే ఉన్నవాటిని ఏం చేయాలని టాలీ అడుగుతుంది. అక్కడ Combine Opening Balances అని ఎంచుకుంటే ప్రతి పార్టీ ఓపెనింగ్ బాకీ రెండింతలవుతుంది. Ignore Duplicates అని పెట్టాను. ఎక్కించాక నలుగురు పాత పార్టీల ఓపెనింగ్ చూసుకున్నాను, మారలేదు.

తర్వాత బ్యాకప్ కంపెనీలో సేల్స్ వోచర్ టైప్‌ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, డూప్లికేట్ నంబర్లు రాకుండా అడ్డు పెట్టాను. లేకపోతే ఎక్కించేటప్పుడు మళ్లీ నంబర్లు జరిగిపోతాయి. మార్చాక ఏప్రిల్, ఆగస్టు బిల్లులు కొన్ని తెరిచి నంబర్లు పాతవే ఉన్నాయని చూశాకే ముందుకు వెళ్లాను.

ఇక వోచర్లు. డే బుక్‌లో అక్టోబర్ పీరియడ్ ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేస్తే సాఫీగా వచ్చింది. నవంబర్ మొత్తం ఇస్తే టాలీ పడిపోయింది. 1 నుంచి 15 వరకు ఇస్తే వచ్చింది. 16 ఒక్కరోజు ఇస్తే వచ్చింది. 17 ఇస్తే పడిపోయింది, 18 ఇచ్చినా పడిపోయింది. 19 ఆదివారం, 20 నుంచి నెలాఖరు దాకా వచ్చింది. టాలీ పడిపోయిన ప్రతిసారీ ఆ ఫోల్డర్‌ని తీసేసి దాచిన దాన్నుంచి కొత్త కాపీ పెట్టుకున్నాను, మధ్యలో మూసుకుపోయినప్పుడు అది ఇంకేం చెడగొట్టిందో తెలియదు కాబట్టి. డిసెంబర్‌లో 12 ఒక్కటే రాలేదు. జనవరి మొత్తం వచ్చింది. అలా రాత్రి పదకొండయ్యేసరికి మొత్తం గాయం మూడు రోజులకి కుదించుకుపోయింది: నవంబర్ 17, 18, డిసెంబర్ 12.

ఎక్కిస్తుంటే కొన్ని వోచర్లు ఆగాయి. ఏవి ఆగాయో, ఎందుకు ఆగాయో టాలీ ఫోల్డర్‌లో ఉండే Tally.imp అన్న ఫైల్‌లో రాసి ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. అందులో ఫలానా లెడ్జర్ లేదు అన్న మాట ఐదుసార్లు ఉంది, ఐదింటిలోనూ ఒకే పార్టీ. అక్టోబర్‌లో ఆ పార్టీ పేరులో స్పెల్లింగ్ సరిచేశారు. పాత పేరుతో ఉన్న లెడ్జర్ జీఎస్టీ నంబర్ చూసి అదేనని నిర్ధారించుకుని, బ్యాకప్‌లో కూడా పేరు సరిచేసి మళ్లీ ఎక్కిస్తే ఐదూ వెళ్లాయి.

ఇప్పుడు సేల్స్ రిజిస్టర్‌లో నంబర్ల మధ్య ఖాళీలు కళ్లకు కనబడుతున్నాయి. 1873 నుంచి 1893 వరకు 21, 2064 నుంచి 2075 వరకు 12. మొత్తం 33. రీరైట్ చేసిన కంపెనీలో వెతికితే అందులో రెండు బిల్లులు బతికి ఉన్నాయి, వాటిని చూసి ఎక్కించాను. 31 మిగిలాయి.

బుధవారం పొద్దున్నే షాపుకి వెళ్లాను. ఆ షాపులో ఇప్పటికీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే, రెండు పొరల కాగితం. పై పొర కొన్నవాళ్లకి, కింది పొర క్లిప్ ఫైల్‌లోకి. లేత గులాబీ రంగు కాగితం, అక్షరాలు ఊదా రంగులో కొంచెం చెరిగి ఉంటాయి. కొన్నింటి మీద బాబాయ్ చేతిరాత కూడా ఉంది: "2 కాయిల్స్ రేపు", "లోడింగ్ ఇవ్వాలి". 31 లో 29 కాపీలు దొరికాయి. కుర్రాడు చదువుతుంటే నేను ఎక్కించాను. ఒక్కో బిల్లుకి మొత్తం, ట్యాక్స్ సరిపోయాకే తర్వాతిది.

దొరకని రెండింటిలో ఒకటి 1880. నవంబర్ అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 అప్పటికే ఫైల్ అయింది కాబట్టి పోర్టల్‌లో చూశాం. జీఎస్టీ నంబర్ ఉన్న కాంట్రాక్టర్‌కి వేసిన బిల్లు అది. నంబర్, తేదీ, విలువ, ట్యాక్స్ అన్నీ ఉన్నాయి. సరుకు వివరం మాత్రం పోర్టల్‌లో బిల్లువారీగా ఉండదు. ఆయనకి ఫోన్ చేస్తే తన దగ్గరున్న బిల్లు ఫోటో వాట్సాప్‌లో పంపించారు.

రెండోది 2069. డిసెంబర్ 12 నాటిది, డిసెంబర్ రిటర్న్ ఇంకా వేయలేదు కాబట్టి పోర్టల్‌లో దాని ఆనవాలే లేదు. జీఎస్టీ నంబర్ లేని చిన్న గిరాకీ అయితే రిటర్న్ వేసి ఉన్నా విడిగా కనబడేది కాదు, అలాంటివి బిల్లువారీగా కాకుండా కలిపిన మొత్తాలుగా వెళ్తాయి. దాన్ని పట్టించింది బాకీల లిస్టు. బిల్స్ రిసీవబుల్ తెరిస్తే ఒక ఎలక్ట్రీషియన్ పేరు మీద బిల్లు 2069 ఎదురుగా 6,000 రూపాయలు రావలసిన వైపు కాకుండా జమ వైపు ఉంది. అతను డిసెంబర్ 23న ఆ బిల్లుకి 6,000 కట్టాడు. రసీదు వేసేటప్పుడు ఏ బిల్లుకి జమ అన్నది రాసుకున్నారు. బిల్లు పోయింది, రసీదు మిగిలింది, కాబట్టి అది తలకిందులుగా కనబడుతోంది.

ఇది తెలిశాక ఆ లిస్టులో జమ వైపు ఉన్నవాటన్నింటినీ చూశాను. మిగతావి నిజమైన అడ్వాన్సులే.

ఆ ఎలక్ట్రీషియన్‌ని బాబాయ్ పిలిపించారు. మధ్యాహ్నం స్కూటర్ మీద వచ్చి, జేబులోంచి నాలుగు మడతల బిల్లు తీసి కౌంటర్ మీద పెట్టాడు. 9,440 రూపాయలు. "ఇంకా 3,440 ఇవ్వాలండి, సంక్రాంతి వెళ్లాక ఇస్తాను" అన్నాడు. బాబాయ్ ఆ బిల్లుని చాలాసేపు చేత్తో సర్దుతూ ఉండిపోయారు.

ఆ మూడు రోజుల కొనుగోళ్లు సప్లయర్ల బిల్లుల నుంచి, బ్యాంకు ఎంట్రీలు స్టేట్‌మెంట్ నుంచి వచ్చాయి. నగదు ఖర్చులకి క్యాష్ పెట్టెలోని చిట్టీలే ఆధారం. చివరికి మూడు అంకెలు చూశాను. బ్యాంకు లెడ్జర్ జనవరి 6 నిల్వ స్టేట్‌మెంట్‌తో సరిపోయింది. నవంబర్ అమ్మకాల మొత్తం పోర్టల్‌లో వేసినదానితో సరిపోయింది. క్యాష్ మాత్రం పెట్టెలో ఉన్నదానికంటే 740 ఎక్కువ చూపిస్తోంది. ఏదో ఒక చిట్టీ పోయి ఉంటుంది. దాన్ని సర్దేసి దాచలేదు, లెక్క తేలనివి ఉంచే సస్పెన్స్ ఖాతాలో పెట్టి ఆడిటర్ గారికి చెప్పాను.

గురువారం, 11వ తేదీ మధ్యాహ్నం డిసెంబర్ జీఎస్‌టీఆర్-1 వెళ్లింది.

ఇప్పుడు ఆ షాపులో రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒకటి షాపులో, ఒకటి బాబాయ్ ఇంట్లో, రోజు మార్చి రోజు. ప్రతి బ్యాకప్ ఆ తేదీ పేరుతో ఉన్న వేరే ఫోల్డర్‌లోకి, ఎందుకంటే అదే ఫోల్డర్‌కి తీస్తే పాత TBK900.001 మీదే కొత్తది పడుతుంది. శనివారం సాయంత్రం కుర్రాడు ఇంటి నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్‌ని నా లాప్‌టాప్‌లో ఖాళీ ఫోల్డర్‌లోకి దించి, ఆఖరి బిల్లు నంబర్ చదువుతాడు. నేను గులాబీ కాపీ మీద ఉన్న నంబర్ చదువుతాను. రెండూ ఒకటే అయితే క్లిప్ ఫైల్ మీద తేదీ రాసి సంతకం పెడతాం.